ఒక వెబినార్ నుంచి 15 సెకన్ల ప్రమోషన్ క్లిప్పులు: హుక్ ఎలా పట్టుకోవాలి, ఎలా కట్ చేయాలి

వెబినార్ రికార్డింగ్‌ను మొదటి నుంచి చూస్తూ, బాగుందనిపించిన చోటల్లా 15 సెకన్ల ముక్క కట్ చేసుకుంటూ పోతే క్లిప్పులు చాలానే తయారవుతాయి. చూసేవాళ్లు మాత్రం రెండో సెకనులోనే పక్కకు జరుపుతారు. మాట్లాడేవాళ్లు అసలు మాటను వివరణ చివర చెప్పడమే దీనికి కారణం. ముందు నేపథ్యం, తర్వాత ఉదాహరణ, ఆ తర్వాత అసలు సంగతి. ఎదురుగా కూర్చుని గంటసేపు వినడానికి వచ్చినవాళ్లకు ఆ వరస సరిపోతుంది. 15 సెకన్ల క్లిప్పులో అది తలకిందులు కావాలి. చివర పలికిన మాట ముందుకు రావాలి, దాన్ని నిలబెట్టే ఒక్క వాక్యం వెనక రావాలి. అందుకే ఈ పనిలో ఎక్కువ సమయం ఎడిటింగ్‌కు కాదు, చూసేవాళ్లను ఆపే ఆ మాట, అంటే హుక్, ఎక్కడుందో వెతకడానికి పెట్టాలి.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో చెబుతాను. ఫొటోలు, ఫైళ్లు పోకుండా బ్యాకప్ ఎలా పెట్టుకోవాలో చెప్పే 72 నిమిషాల వెబినార్ ఒకటి ఉందనుకుందాం. అందులో 50 నిమిషాలు ప్రసంగం, 10 నిమిషాలు స్క్రీన్ మీద చేసి చూపించడం, మిగతా 12 నిమిషాలు ప్రశ్నలు, జవాబులు. పూర్తి రికార్డింగ్ చూడమని ఆహ్వానించే క్లిప్పులు మనకు కావాలి.

మొదలుపెట్టే ముందు

రెండు విషయాలు తేల్చుకోండి. మొదటిది, క్లిప్ చూసినవాళ్లు ఏం చేయాలి? రికార్డింగ్ చూడాలా, వచ్చే సెషన్‌కు పేరు నమోదు చేసుకోవాలా? ఒకటే ఎంచుకోండి. 15 సెకన్లలో రెండు ఆహ్వానాలు పట్టవు. రెండోది అనుమతి. తన మాటల్ని చిన్న ముక్కలుగా వాడబోతున్నామని వక్తకు ముందే చెప్పి, కట్ చేసిన క్లిప్పులు ఆయనకు చూపించాకే బయటపెట్టండి. ప్రశ్నలు అడిగినవాళ్ల పేరు, ముఖం, గొంతు ఏదీ వాడకండి. వాళ్లు వచ్చింది నేర్చుకోవడానికి, ప్రకటనలో కనిపించడానికి కాదు. వాళ్ల ప్రశ్న ఉపయోగపడుతుందనిపిస్తే దాన్ని స్క్రీన్ మీద అక్షరాల్లో పెడితే చాలు.

హుక్‌ను చాట్‌లో వెతకండి

72 నిమిషాలూ మళ్లీ చూడక్కర్లేదు. వెబినార్ జరుగుతున్నప్పుడు ఏ మాటకు జనం కదిలారో చాట్ ఫైల్ చెబుతుంది. "అయ్యో, నేను ఇన్నాళ్లూ అలాగే అనుకున్నా", "మళ్లీ చెప్పండి", "ఇది నాకు తెలియదు" లాంటి మెసేజ్‌లు గుంపుగా వచ్చిన చోట్లు గుర్తుపెట్టుకోండి. పలకరింపులు, థాంక్యూలు వదిలేయండి. జోకుకు వచ్చిన నవ్వులు కూడా వదిలేయండి. అప్పటిదాకా విన్నవాళ్లకే ఆ నవ్వు అందుతుంది, బయటివాళ్లకు అందదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సేవ్ చేసిన చాట్‌లో చాలాసార్లు గడియారం టైమ్ ఉంటుంది, రికార్డింగ్ టైమ్ ఉండదు. రికార్డింగ్ 19:04:10కి మొదలైందనుకోండి. చాట్‌లో మెసేజ్‌లు గుంపుగా కనిపించింది 19:45:32 దగ్గర. తీసివేస్తే రికార్డింగ్‌లో అది 41 నిమిషాల 22 సెకన్ల దగ్గర వస్తుంది. కానీ వక్త ఆ మాట అన్నది అప్పుడు కాదు. విని, ఆలోచించి, టైప్ చేసి పంపేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి, ఒక్కోసారి అర నిమిషం. కాబట్టి దాదాపు నిమిషం వెనక్కి వెళ్లి 40:25 నుంచి వినడం మొదలుపెట్టండి.

ప్రశ్నల భాగాన్ని మాత్రం మొత్తం వినండి. అక్కడ వక్త తయారై వచ్చిన మాటలు పక్కనపెట్టి సూటిగా జవాబిస్తారు. నా లెక్కలో మంచి హుక్‌లు ఎక్కువగా దొరికే చోటు అదే.

ఒక్కో హుక్ ఒక్కో మనిషికి

దొరికిన మాటల్ని వీడియోలో కాదు, ముందు కాగితం మీద రాయండి. పక్కన ఈ మాట ఎవరిని ఆపుతుందో రాయండి. ఇద్దరిని ఆపుతుందని రాసిన మాట సాధారణంగా ఎవర్నీ ఆపదు. మన ఉదాహరణలో ఐదు మిగిలాయి.

ఒకటి, "సింక్ బ్యాకప్ కాదు". ఫొటోలు క్లౌడ్‌లోకి వెళ్తున్నాయని నిశ్చింతగా ఉన్నవాళ్ల నమ్మకాన్ని ఇది కదుపుతుంది.

రెండు, ప్రశ్నల భాగంలో వచ్చిన "హార్డ్ డిస్క్‌లో కాపీ పెట్టుకున్నాను, అది చాలదా?" అనే ప్రశ్న. సరిగ్గా అదే పని చేసి ఊరుకున్నవాళ్లు దీని దగ్గర ఆగుతారు. రెండు కాపీలూ ఒకే చోట ఉంటే, అక్కడ దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగినప్పుడు రెండూ పోతాయన్నది వక్త జవాబు.

మూడు, స్క్రీన్ నిండా 3-2-1 అనే అంకెలు. బ్యాకప్ గురించి తెలిసినవాళ్లు తరచూ చెప్పే సూత్రం ఇది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట. ఏదో ఒక పద్ధతి కావాలని చూస్తున్నవాళ్ల కోసం ఈ క్లిప్.

నాలుగు, మాటే లేని హుక్. మొదటి ఫ్రేములో ఖాళీ ఫోల్డర్, నాలుగు సెకన్లలో అందులోకి ఫైళ్లు తిరిగి వస్తుంటాయి. చెబితే నమ్మని వాళ్లు, చూస్తే నమ్ముతారు.

ఐదు, "మీ బ్యాకప్ నుంచి ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూశారా?" ఇప్పటికే పద్ధతిగా బ్యాకప్ పెట్టుకున్నవాళ్లను ఉద్దేశించిన ఏకైక క్లిప్ ఇదే. మిగతా నాలుగూ వాళ్లకు సంబంధించినవి కావు.

ఇదే వెబినార్‌లో "ఫొటోలు పోతే ఎంత బాధో" అనే మంచి మాట కూడా ఉంది. వినడానికి బాగుంటుంది, కానీ అది ఎవరి నమ్మకాన్నీ కదపదు, ఎవరికీ ప్రశ్న మిగల్చదు. అందుకే కొట్టేశాం. జాబితాలో ఒకే మనిషిని ఆపే మాటలు రెండుంటే బలహీనమైనదాన్ని తీసేయండి. రెండు క్లిప్పులు ఒకదాని వెనక ఒకటి కనిపించినప్పుడు చూసేవాళ్లకు "ఇది చూసేశాను కదా" అనిపించకూడదు.

15 సెకన్లలోకి కుదించడం

నింపాదిగా మాట్లాడే మనిషి 15 సెకన్లలో పలికేది రమారమి 30 తెలుగు మాటలు. చివర ఆహ్వానానికి మూడు సెకన్లు పోతే మిగిలేది 24, 25 మాటలే. ఈ లెక్క దగ్గర పెట్టుకొని, వక్త అన్నది యథాతథంగా రాసుకొని, ఆ కాగితం మీదే కొట్టివేతలు చేయండి. మొదటి క్లిప్ కోసం 40:25 నుంచి ఇలా ఉందనుకుందాం:

"సో, ఇందాక మనం అనుకున్నట్టు, చాలామంది ఏమంటారంటే, నా ఫొటోలన్నీ క్లౌడ్‌లో సింక్ అవుతున్నాయండీ, నాకేం టెన్షన్ లేదు అంటారు. కానీ సింక్ అంటే ఏంటి? ఇక్కడ ఏం జరిగితే అక్కడ కూడా అదే జరగడం. అంటే, మీరు ఫోన్‌లో ఒక ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేశారనుకోండి, అది అక్కడ కూడా డిలీట్ అయిపోతుంది. కొన్ని రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది. అందుకే నేను ఎప్పుడూ చెబుతుంటాను, సింక్ బ్యాకప్ కాదు అని."

చివరి మూడు మాటల్ని ముందుకు తెచ్చి, మిగతాది కొట్టేస్తే ఇది మిగులుతుంది:

"సింక్ బ్యాకప్ కాదు. మీరు ఫోన్‌లో ఒక ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేశారనుకోండి, అది అక్కడ కూడా డిలీట్ అయిపోతుంది. కొన్ని రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత అదీ పోతుంది."

మొత్తం 23 మాటలు. చూడ్డానికి సులువుగా ఉంది కానీ ఇందులో మూడు మెలికలున్నాయి, ప్రతి వెబినార్‌లోనూ ఇవే ఎదురవుతాయి.

మొదటిది "అక్కడ". పూర్తి ప్రసంగంలో అక్కడ అంటే క్లౌడ్ అని అందరికీ తెలుసు. క్లిప్పులో క్లౌడ్ అన్న మాటే పోయింది. వక్త గొంతు మార్చలేం కాబట్టి, ఆ క్షణంలో స్క్రీన్ మీద "క్లౌడ్‌లో కూడా" అని అక్షరాలు పెట్టాలి. ఇది, అది, ఇందాక, అందుకే లాంటి మాటలు ప్రతి ముక్కలోనూ వెతకండి. అవి దేన్ని చూపిస్తున్నాయో అది క్లిప్పులోనే ఉందో లేదో చూడండి.

రెండోది ట్రాష్ వాక్యం. సెకన్లు చాలనప్పుడు అందరి చేయీ దాన్నే కొట్టేయడానికి వెళ్తుంది, అది తీస్తే హుక్ ఇంకా గట్టిగా వినిపిస్తుంది కూడా. కానీ అప్పుడు డిలీట్ చేసిన వెంటనే అన్నీ పోతాయని వక్త చెప్పినట్టు అవుతుంది. ఆయన అలా అనలేదు, అది నిజమూ కాదు. ఆయన పెట్టిన మినహాయింపును మనం తీసేయకూడదు. దాన్ని ఉంచితే 15 సెకన్లు దాటుతుందంటే వేరే హుక్ వెతుక్కోవాలి.

మూడోది చివరి "అని". "కాదు" అని ఆగి, విడిగా "అని" అంటే కట్ చేయొచ్చు. "కాదని" అని కలిపి పలికితే కత్తెర పడదు. ఎలాగోలా కట్ చేసినా గొంతు గాల్లో వేలాడుతుంది, వాక్యం ముగిసినట్టు వినిపించదు. అలాంటప్పుడు మిగతా రికార్డింగ్‌లో ఆయన అదే మాటను విడిగా ఎక్కడైనా అన్నారేమో ట్రాన్స్‌క్రిప్ట్‌లో వెతకండి. ఇష్టమైన మాటను ఎవరైనా ఒక్కసారే అని ఊరుకోరు, చాలాసార్లు దొరుకుతుంది. దొరక్కపోతే హుక్‌ను మొదటి ఫ్రేములో పెద్ద అక్షరాలుగా పెట్టి, గొంతును "మీరు ఫోన్‌లో" దగ్గర మొదలుపెట్టండి.

ఇక ఆహ్వానం. అన్ని క్లిప్పుల చివరా "పూర్తి వెబినార్ చూడండి" అని ఒకే పలక అతికించకండి. హుక్ రేపిన ప్రశ్నకు కొనసాగింపుగా ఉండాలి. మొదటి క్లిప్‌కు "మరి బ్యాకప్ అంటే ఏంటి? పూర్తి వెబినార్‌లో" అని రాస్తాం. 3-2-1 క్లిప్ సూత్రాన్ని మొత్తం చెప్పేస్తుంది, దాచి ఊరించడం నాకు నచ్చదు. కాబట్టి దానికి "ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్‌తో ఇది ఎలా కుదురుతుంది? చేసి చూపించాం" అని రాస్తే, చూసినవాళ్లకు కొంత దక్కుతుంది, ఇంకా తెలుసుకోవాల్సింది మిగులుతుంది. తేదీలు మాత్రం వీడియో మీద వేయకండి. పోస్ట్ కింద రాతలో పెడితే అదే క్లిప్‌ను తర్వాత కూడా వాడుకోవచ్చు.

పూర్తి నిడివి 14.5 సెకన్ల దగ్గర ఆపండి. సరిగ్గా 15 సెకన్ల హద్దు ఉన్న చోట ఒకటి రెండు ఫ్రేములు ఎక్కువైనా చివరి మాట తెగిపోతుంది.

కట్ చేయడం

వెబినార్ రికార్డింగుల్లో ఫ్రేమ్ రేట్ తరచూ నిలకడగా ఉండదు, ఇంటర్నెట్ వేగాన్ని బట్టి మారుతుంటుంది. దాన్ని నేరుగా ఎడిటర్‌లో వేస్తే మొదట్లో బాగానే ఉండి, గంట దాటేసరికి పెదవులకూ గొంతుకూ పొంతన తప్పుతుంది. చివరి ప్రశ్నల భాగంలో పెదవులు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ముందే ఫ్రేమ్ రేట్‌ను స్థిరం చేసుకుంటే ఈ బాధ ఉండదు. ఉచితంగా దొరికే ffmpeg అనే ప్రోగ్రామ్ ఉంటే ఈ ఒక్క కమాండ్ చాలు:

```
ffmpeg -i webinar.mp4 -vf fps=30 -c:v libx264 -crf 18 -c:a aac -b:a 192k webinar_cfr.mp4
```

తర్వాత నిలువు ఫ్రేము సంగతి. మనకు కావాల్సింది 1080x1920. రికార్డింగ్ 1280x720లో ఉందనుకుంటే, అందులోంచి నిలువు ముక్క తీస్తే వెడల్పు 405 పిక్సెళ్లే వస్తుంది. దాన్ని 1080కి సాగదీయడమంటే రెండున్నర రెట్లకు పైనే, ముఖం మసకబారుతుంది. దాని బదులు వక్త చుట్టూ 720x720 చదరం తీసుకుంటే ఒకటిన్నర రెట్లు పెంచితే సరిపోతుంది. ఆ చదరాన్ని కింద ఉంచి, పైన మిగిలిన 840 పిక్సెళ్ల ఎత్తును అక్షరాలకు వాడుకోవచ్చు. వక్త ఫ్రేము మధ్యలో ఉంటే ఇలా:

```
ffmpeg -ss 00:40:25 -t 50 -i webinar_cfr.mp4 -vf "crop=720:720:280:0,scale=1080:1080,pad=1080:1920:0:840" -c:v libx264 -crf 18 -c:a aac clip1_raw.mp4
```

ఇందులో 280 అనేది చదరం ఎడమ అంచు ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది. వక్త పక్కకు కూర్చుని ఉంటే ఆ అంకె మార్చండి. ఈ అమరికతో ఇంకో లాభం ఉంది. నిలువు వీడియోల్లో అడుగు భాగాన్నీ కుడి అంచునూ యాప్ బటన్లు, వివరాల రాత కప్పేస్తాయి. ఇక్కడ ఆ బటన్ల వెనక పడేది వక్త భుజాలు, మెడ కింది భాగం, కాబట్టి నష్టం లేదు. అక్షరాలు మాత్రం పై అంచుకు మరీ దగ్గరగా కాకుండా, ముఖానికి కాస్త పైన పెట్టండి.

50 సెకన్ల ఆ ముక్కను ఎడిటర్‌లో వేసి, కాగితం మీద కొట్టేసినవన్నీ తీసేయండి. మాట మొదలవడానికి ముందు రెండు మూడు ఫ్రేములు ఉంచి కట్ చేయండి. మరీ దగ్గరగా కోస్తే "ఫోన్", "కొన్ని" లాంటి మాటల్లో మొదటి అక్షరం మింగేసినట్టు వినిపిస్తుంది. కట్ చేసిన ప్రతి చోటా బొమ్మ ఎగిరిపడుతుంది. ఒక ముక్కను మామూలుగా ఉంచి, తర్వాతి ముక్కను పది శాతం దగ్గరకు తెస్తే అది కావాలని మార్చిన షాట్‌లా కనిపిస్తుంది. అంతకు మించి దగ్గరకు తేవద్దు, ఇప్పటికే ఒకసారి సాగదీశాం.

స్లయిడ్లను రికార్డింగ్ నుంచి కోసి పెట్టకండి, ఫోన్‌లో ఆ అక్షరాలు చదవడం కుదరదు. కావాల్సిన ఒక్క లైన్‌ను పెద్దగా కొత్తగా టైప్ చేయండి. నాలుగో క్లిప్‌లోని ఫోల్డర్ దృశ్యం కూడా అంతే. విండోను నిలువుగా సన్నం చేసుకొని, ఫాంట్ పెంచి, ఆ పనిని మళ్లీ చేసి రికార్డ్ చేయండి. వెబినార్‌లో చూపించిన పనే కాబట్టి ఇందులో మోసమేమీ లేదు, చూసేవాళ్లకు కనిపిస్తుంది అంతే.

క్యాప్షన్లు తప్పనిసరి, చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు. ఒకసారికి మూడు నాలుగు మాటలు, రెండు లైన్లు దాటకుండా. తెలుగు క్యాప్షన్ అయితే ఎక్స్‌పోర్ట్ చేశాక ఒత్తులున్న మాటల్ని ఫోన్‌లో చదివి చూడండి. కొన్ని ఎడిటర్లలో ఒత్తు విడిపోయి పొల్లు అక్షరంగా పడుతుంది. ఫాంట్ మార్చినా సరికాకపోతే ఎడిటర్ సెట్టింగ్స్‌లో భారతీయ భాషల కోసం వేరే టెక్స్ట్ ఇంజిన్ ఉందేమో చూడాలి.

బయటపెట్టే ముందు, ఆ తర్వాత

వెబినార్ చూడని మనిషికి క్లిప్‌ను ముందు సౌండ్ లేకుండా ఒక్కసారి చూపించండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు, ఆ జవాబుతో ఉపయోగం లేదు. "ఇందులో ఏం చెప్పారు? దీని తర్వాత ఏం చేయమంటున్నారు?" అని అడగండి. రెండింట్లో ఒకటి చెప్పలేకపోయినా తప్పు క్లిప్‌లోనే ఉంది, సర్దండి.

పోస్ట్ చేశాక వ్యూల సంఖ్య కంటే ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫ్ ముఖ్యం. మొదటి రెండు సెకన్లలోనే గీత బాగా పడిపోతే హుక్ పట్టలేదని అర్థం. మిగతాదంతా అలాగే ఉంచి మొదటి ఫ్రేము, మొదటి మాట మాత్రమే మార్చి మళ్లీ పెట్టండి, అప్పుడే తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. మొదట్లో నిలబడి ఆరేడు సెకన్ల దగ్గర పడిపోతే హుక్ ఒకటి చెప్పి వెనకున్న వాక్యం ఇంకోటి చెబుతోందేమో చూడండి, లేదా అక్కడ ఒక "అది", "అక్కడ" అర్థం కాకుండా మిగిలిపోయి ఉండొచ్చు. చివరి దాకా చూసి కూడా ఎవరూ లింక్ నొక్కకపోతే, ఆహ్వానం హుక్‌తో సంబంధం లేకుండా ఉందని అనుమానించాలి. అలాంటప్పుడు చివరి మూడు సెకన్లు తిరగరాయండి, ముందు భాగం జోలికి పోవద్దు.